పేరు మారినా అదే ఫైల్ అని ఎలా తెలుస్తుంది?

ల్యాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌ని సింక్ చేసుకుంటున్నారనుకోండి. అందులో 2 జీబీల వీడియో VID_2041.mp4 ఉంది. ల్యాప్‌టాప్‌లో దాని పేరు akka-pelli.mp4 అని మార్చారు. సింక్ ప్రోగ్రామ్ పేర్లు మాత్రమే చూసేదైతే, పాత ఫైల్ పోయిందని, కొత్తదొకటి వచ్చిందని అనుకుంటుంది. డెస్క్‌టాప్‌లో పాతది చెరిపేసి, 2 జీబీలూ మళ్లీ పంపుతుంది. సెకనుకు 5 ఎంబీల వేగంతో దాదాపు 7 నిమిషాలు! వీడియోలో ఏమీ మారనే లేదు కదా, ఇదంతా వృథా.

మరి గుర్తుపట్టేదెలా? లినక్స్‌లో ప్రతి ఫైల్‌కీ ఐనోడ్ అనే నంబర్ ఉంటుంది. అదే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లోకి జరిపినా అది మారదు. `ls -i` అని టైప్ చేసి మీరే చూడొచ్చు. ప్రోగ్రామ్ ప్రతి సింక్ చివరా ఫైల్ పేరు, ఐనోడ్, సైజు, చివరిగా మార్చిన సమయం చిట్టాలో రాసుకుంటుంది. ఈసారి పాత పేరు మాయమై, కొత్త పేరు కింద అదే ఐనోడ్ కనిపించిందా? డెస్క్‌టాప్‌కి ‘పేరు మార్చు’ అని చెబితే చాలు, క్షణంలో పని అయిపోతుంది.

ఐనోడ్ ఒక్కటే నమ్మితే మాత్రం ప్రమాదం. చెరిపేసిన ఫైల్ నంబర్‌ని సిస్టమ్ కొత్త ఫైల్‌కి ఇచ్చేయొచ్చు. అందుకే సైజు, సమయం కూడా కలవాలి. అనుమానం ఉంటే ఫైల్ మొత్తం చదివి హ్యాష్ లెక్కగట్టి, డెస్క్‌టాప్‌లోని పాత ఫైల్ హ్యాష్‌తో పోల్చాలి.

ఈలోగా డెస్క్‌టాప్‌లో ఎవరైనా అదే వీడియోకి ఇంకో పేరు పెట్టి ఉంటే? అప్పుడు ప్రోగ్రామ్ సొంతంగా తేల్చకూడదు, మిమ్మల్నే అడగాలి.