మందు మీద మందు.. డిశ్చార్జ్ అయిన రెండు రోజులకే ఒక్క పెగ్గు, అంతలోనే వాంతులు, గుండె దడ.. లోపల అసలేం జరుగుతుంది?

తెలుగులో మందు అంటే ట్యాబ్లెటే, మందు అంటే విస్కీనే. ఈ రెండూ ఒంట్లో కలిస్తే ఏమవుతుందో తెలియక కంగారుపడి ఎమర్జెన్సీకి పరుగెత్తేవాళ్లు ఉంటారు. అదే ఎక్కువ తాగేశామేమో అనుకుని ఇంట్లోనే పడుకునేవాళ్లూ ఉంటారు. కొన్ని యాంటీబయాటిక్స్, కొన్ని ఫంగస్ మందులు వాడుతుండగా ఆల్కహాల్ తీసుకుంటే వచ్చే ఈ ఇబ్బందిని డాక్టర్లు డైసల్ఫిరామ్ తరహా రియాక్షన్ అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 45 ఏళ్ల వ్యక్తి. అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఐదు రోజులూ పూటకో ఇంజెక్షన్ చొప్పున సెఫోపెరజోన్-సల్బాక్టమ్ ఇచ్చారు. గురువారం డిశ్చార్జ్. శనివారం రాత్రి మేనకోడలి ఓణీల ఫంక్షన్. జ్వరం లేదు, కుట్లు బాగానే ఉన్నాయి. బావమరిది బలవంతం చేస్తే ఒకే ఒక్క పెగ్గు, 60 ఎం.ఎల్. విస్కీ వేసుకున్నాడు. రోజూ రెండు మూడు పెగ్గులు తట్టుకునే మనిషే.

పావుగంట గడిచిందో లేదో చెవులు, మెడ వేడెక్కాయి. కళ్లు ఎర్రబడ్డాయి. తల నరాలు టపటపా కొట్టుకుంటున్నాయి. చెమటలు, వాంతి మీద వాంతి. గుండె దడదడలాడుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉందన్నాడు. ఇంట్లోవాళ్లు హార్ట్ ఎటాక్ అనుకున్నారు. ఆస్పత్రికి వెళ్లేసరికి నాడి 130, బీపీ 80/50. ఈసీజీ తీశారు, సెలైన్ ఎక్కించారు, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు గంటల్లో మనిషి కుదుటపడ్డాడు.

లివర్‌లో రెండో గేటు మూసుకుపోతుంది

తాగిన ఆల్కహాల్‌ను లివర్ రెండు మెట్లలో విరగ్గొడుతుంది. మొదటి మెట్టులో అది ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుతుంది. ఇది విషమే. అయితే ఎక్కువసేపు నిలవదు. ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ దాన్ని వెంటనే ఎసిటేట్‌గా, అంటే ఒంటికి పెద్దగా హాని చేయని పదార్థంగా మార్చేస్తుంది. ఈ రెండో ఎంజైమ్‌ను ఏదైనా మందు అడ్డుకుంటే మొదటి మెట్టు నడుస్తూనే ఉంటుంది, రెండోది ఆగిపోతుంది. ఎసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుపోతుంది. రక్తనాళాలు వెడల్పై ముఖం వేడెక్కుతుంది, బీపీ పడిపోతుంది. ఆ బీపీని నిలబెట్టడానికి గుండె పరుగెడుతుంది. వాంతులు, తలనొప్పి కూడా దాని పనే. చైనా, జపాన్ వాళ్లలో చాలామందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ బలహీనంగా ఉంటుంది, అందుకే వాళ్లకు ఒక బీరుకే ముఖం ఎర్రగా అయిపోతుంది.

ఒక్క పెగ్గుకే అంత గొడవా అని అడగొచ్చు. లెక్క వేద్దాం. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. 60 ఎం.ఎల్. పెగ్గులో అది దాదాపు 26 ఎం.ఎల్., బరువులో చూస్తే 20 గ్రాములు. లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరగ్గొట్టగలదు. అంటే ఆ ఒక్క పెగ్గు నుంచి రెండు మూడు గంటల పాటు ఎసిటాల్డిహైడ్ తయారవుతూనే ఉంటుంది. మన ఉదాహరణలోని మనిషి మూడు గంటలకు కోలుకోవడానికి కారణం అదే. వాంతి అయిపోయింది కదా, లోపల ఏమీ లేదు అనుకోవద్దు. అప్పటికే రక్తంలోకి వెళ్లిన ఆల్కహాల్ బయటకు రాదు.

రబ్బరు ఫ్యాక్టరీ నుంచి మొదలైన కథ

ఇందులో పేరు మోసిన డైసల్ఫిరామ్ రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనాల కుటుంబంలోదే. అమెరికాలో ఆ రసాయనాల మధ్య పనిచేసే కార్మికులు చుక్క తాగినా తట్టుకోలేకపోతున్నారని ఒక ఫ్యాక్టరీ డాక్టర్ 1937లోనే రాశారు. 1940ల్లో డెన్మార్క్‌లో జెన్స్ హాల్డ్, ఎరిక్ జాకబ్సెన్ అనే పరిశోధకులు దీన్ని కడుపులో పురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. తర్వాత మద్యం తాగితే ఒళ్లంతా తిప్పేసింది. అక్కడి నుంచే అది తాగుడు మాన్పించే మందు అయింది. పేషెంట్‌కు చెప్పి, ఒప్పించి, పర్యవేక్షణలో ఇస్తేనే అది వైద్యం. ఇంట్లో తెలియకుండా కూరలోనో, మజ్జిగలోనో కలిపితే ఆ మనిషి యథాప్రకారం ఫుల్లుగా తాగుతాడు, ప్రాణం మీదకు వస్తుంది. ప్రేమతో చేసినా అది చాలా ప్రమాదకరమైన పని.

ఏ మందులతో నిజంగా భయం?

యాంటీబయాటిక్ ఏదైనా సరే మందు తాగితే అంతే అనేది మన దగ్గర గట్టిగా పాతుకుపోయిన మాట. అది నిజం కాదు. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ లాంటి వాటితో ఈ రియాక్షన్ రాదు.

గట్టి ఆధారం ఉన్నది సెఫోపెరజోన్‌కు. దాని అణువుకు తోకలా ఒక గంధకపు గొలుసు ఉంటుంది. ఒంట్లో అది విడిపోయి, డైసల్ఫిరామ్ చేసిన పనే చేస్తుంది. అదే తోక ఉన్న సెఫోటెటాన్‌తోనూ ఇదే సమస్య. తోక లేని సెఫిక్సిమ్ లాంటి వాటితో ఈ గొడవ లేదు. చిక్కేమిటంటే సెఫోపెరజోన్ మాత్ర కాదు, ఇంజెక్షన్. సెలైన్‌తో పాటు ఎక్కేస్తుంది. పేషెంట్ దాని పేరు చూడడు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో రాసేది ఇంటి దగ్గర వేసుకోవాల్సిన మాత్రలే. కాబట్టి తాను ప్రమాదపు మందు మీద ఉన్నట్టు అతనికి తెలిసే అవకాశం తక్కువ.

ఇంకో మెలిక ఉంది. ఈ మందు రక్తంలో గంటల్లోనే తగ్గిపోతుంది, కానీ దెబ్బతిన్న ఎంజైమ్ తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది. చివరి డోసు తర్వాత ఐదో రోజు తాగినా రియాక్షన్ వచ్చినట్టు ఈ మందు తయారీదారుల సమాచార పత్రంలోనే ఉంటుంది. శనివారం పార్టీ ఉందని శనివారం ఒక్క పూట మందు మానేస్తే సరిపోతుందనే తెలివి ఇక్కడ పనిచేయదు. ఇన్ఫెక్షనూ తగ్గదు, రియాక్షనూ ఆగదు.

మరి అందరికీ తెలిసిన మెట్రోనిడాజోల్ మాటేమిటి? విరేచనాలకు, పంటి చీముకు ఇచ్చే ఈ మాత్రతో మద్యం వద్దని దశాబ్దాలుగా చెబుతున్నారు. విచిత్రంగా దీని ఆధారమే బలహీనం. 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను తీసుకుని, సగం మందికి ఐదు రోజులు మెట్రోనిడాజోల్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి తర్వాత ఆల్కహాల్ ఇచ్చారు. రక్తంలో ఎసిటాల్డిహైడ్ పెరగలేదు, ఎవరికీ రియాక్షన్ రాలేదు. అమెరికా సీడీసీ 2021 మార్గదర్శకాల్లో ఈ మాత్రతో మద్యం మానాల్సిన అవసరం లేదనే రాసింది. అయినా మందు లేబుళ్ల మీద హెచ్చరిక అలాగే ఉంది. బ్రిటన్‌లో చివరి డోసు తర్వాత 2 రోజులు, అమెరికా లేబుల్‌లో 3 రోజులు ఆగమంటారు. 12 మందిలో రానంత మాత్రాన లక్షల్లో ఒకరికీ రాదని చెప్పలేం. పైగా ఈ మాత్రకే వికారం, నోట్లో లోహపు రుచి వస్తాయి, దాని మీద మద్యం పడితే కడుపు తిప్పడం ఖాయం. లేబుల్ చెప్పినన్ని రోజులు ఆగడమే తేలిక. టినిడాజోల్‌కు 3 రోజుల గడువు పాటించాలి.

ఫంగస్ మందుల్లో చూడాల్సింది గ్రిసియోఫుల్విన్. తామరకు ఇచ్చే మాత్ర ఇది. దీనితో తాగితే గుండె వేగం పెరిగి ముఖం వేడెక్కవచ్చని లేబుల్‌లో ఉంటుంది. కోర్సు వారాల తరబడి సాగుతుంది, గోళ్లకు పడితే నెలలు. దురద తగ్గాక తాను మందు వాడుతున్న సంగతే చాలామంది మరిచిపోతారు. కీటోకోనజోల్ మాత్రలతోనూ అరుదుగా ఇలాంటి కేసులు వచ్చాయి. చుండ్రుకు వాడే కీటోకోనజోల్ షాంపూతో భయం లేదు, అది రక్తంలోకి చేరేది దాదాపు సున్నా.

విస్కీ ఒక్కటే కాదు

కల్లు మందు కాదు కదా అనే మాట తెలంగాణ పల్లెల్లో తరచూ వినిపిస్తుంది. పులిసిన కల్లులోనూ ఆల్కహాలే ఉంటుంది, రెండు ముంతలు తాగితే మొత్తం తక్కువేమీ కాదు. ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాల్లో పులియడం వల్ల సహజంగానే ఆల్కహాల్ తయారవుతుంది. ఆ సీసాల మీద శాతం రాసి ఉంటుంది, చూడండి. కొన్ని దగ్గు సిరప్‌లు, మౌత్‌వాష్‌లలోనూ ఉంటుంది.

రియాక్షన్ వస్తే ఎలా గుర్తుపట్టాలి?

టైమింగే పెద్ద గుర్తు. తాగిన 5 నుంచి 30 నిమిషాల్లో, మామూలుగా తట్టుకునే మోతాదులోనే ఇవన్నీ మొదలవుతాయి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించకపోవచ్చు, చెయ్యి పెడితే ముఖం, ఛాతీ వేడిగా తగులుతాయి. కళ్లు ఎర్రబడతాయి. ఒంటి మీద ఉబ్బెత్తు దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు ఉంటే మాత్రం అది తీవ్రమైన అలర్జీ కావొచ్చు. దానికి చికిత్స వేరు. ఇంట్లో కూర్చుని ఏదో తేల్చుకునే పని పెట్టుకోవద్దు.

తాగడం వెంటనే ఆపి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి పడుకోబెట్టాలి. వాంతులు అవుతుంటే పక్కకు తిప్పాలి. ఛాతీ పట్టేసిందనగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది రక్తనాళాలను ఇంకా వెడల్పు చేస్తుంది, పడిపోయిన బీపీ మరింత పడిపోతుంది. డాక్టర్ చెప్పకుండా అది వద్దు. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఊపిరి ఆడకపోయినా, గుండె దడ తగ్గకపోయినా 108కి ఫోన్ చేయాలి. వయసు పైబడినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఇది గుండె లయ తప్పేదాకా వెళ్లొచ్చు. దీనికి ఇంటి విరుగుడు లేదు. నిమ్మరసం, మజ్జిగ ఆ ఎంజైమ్‌ను లేపలేవు.

ఆస్పత్రిలో చెప్పాల్సినవి మూడే: ఏ మందు వాడుతున్నారు, ఎంత తాగారు, ఎప్పుడు. పెద్దవాళ్ల ముందు సిగ్గుపడి తాగిన సంగతి దాస్తే వ్యవహారం హార్ట్ ఎటాక్ చికిత్స వైపో, మందు పడలేదనే వైపో వెళ్తుంది. ఫలానా యాంటీబయాటిక్ అలర్జీ అని ఒకసారి ఫైల్‌లో పడితే, రేపు నిజంగా ప్రాణాలు కాపాడాల్సిన సమయంలో ఆ మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు.

డిశ్చార్జ్ సమ్మరీలో ఇంటి మాత్రల జాబితా కాకుండా, ఆస్పత్రిలో ఇచ్చిన చికిత్స అనే భాగం ఒకటి ఉంటుంది. అక్కడ సెఫోపెరజోన్ అని ఉందేమో, చివరి డోసు ఏ తేదీన పడిందో వార్డు నర్సునో, ఫార్మసిస్టునో అడిగి పెన్నుతో రాయించుకోండి. ఆ తేదీ నుంచి ఐదు రోజులు లెక్కపెట్టాలి, డిశ్చార్జ్ తేదీ నుంచి కాదు.