డిష్‌వాషర్‌లో ఉప్పు ఎప్పుడు, రిన్స్ ఎయిడ్ ఎందుకు?

డిష్‌వాషర్‌లో పోసే ఉప్పు గిన్నెలను ముట్టుకోదు. గిన్నెల జిడ్డు వదిలించేది డిటర్జెంట్. ఉప్పు పనంతా మెషిన్ అడుగున, మన కంటికి కనబడని చోట జరుగుతుంది. ఈ సంగతి తెలియకే కొందరు ఏళ్ల తరబడి ఉప్పు దండగ చేస్తుంటారు, కొందరు అవసరమున్నా పోయరు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల వాడకానికి వచ్చేది బోరు నీళ్లు, ఎండాకాలమైతే ట్యాంకర్ నీళ్లు. వాటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే తెల్లగా పేరుకుంటాయి. గీజర్ కాయిల్‌కు పట్టే గార అదే. డిష్‌వాషర్ కూడా నీళ్లు కాచే యంత్రమే కాబట్టి, తయారీదారులు చాలా మోడళ్లలో అడుగున ఒక చిన్న సాఫ్ట్‌నర్ పెడతారు. అందులోని రెజిన్ పూసలు తమ దగ్గరున్న సోడియాన్ని వదిలి, నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి. కొన్ని వాష్‌లు అయ్యేసరికి పూసల్లో సోడియం నిండుకుంటుంది. అప్పుడు మెషిన్ మనం పోసిన ఉప్పును నీళ్లలో కరిగించి వాటి మీదుగా పంపి, పట్టుకున్న కాల్షియాన్ని డ్రెయిన్‌లోకి వదిలేస్తుంది. పూసలు మళ్లీ పనికి సిద్ధం.

అంటే ఉప్పు కావాలా వద్దా అన్నది మీ ఇంటి నీళ్లు చెప్పాలి. నీటి పరీక్షలో కాఠిన్యం లీటరుకు 450 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. మాన్యువల్స్‌లో తరచుగా కనిపించేది జర్మన్ డిగ్రీల లెక్క. ఒక డిగ్రీ దాదాపు 17.8 మిల్లీగ్రాములు. భాగిస్తే 25 డిగ్రీలు. 'ఆల్ ఇన్ వన్' ట్యాబ్లెట్ వాడితే ఉప్పు అక్కర్లేదంటారు గానీ, ఆ మాట సాధారణంగా 21 డిగ్రీల దాకానే చెల్లుతుంది. ఈ ఇంట్లో ట్యాబ్లెట్ వాడినా ఉప్పు తప్పదు. మెషిన్‌లో కాఠిన్యం సెట్టింగ్ కూడా 25కు తగ్గట్టు పెంచాలి. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేస్తే ఉప్పు నిండుగా ఉన్నా గార పడుతుంది. అదే నీళ్లు 100 మిల్లీగ్రాములే ఉంటే లెక్క ఆరు డిగ్రీల లోపే. సెట్టింగ్ సున్నాలో పెట్టి ఉప్పు సంగతి మరిచిపోవచ్చు. అపార్ట్‌మెంట్‌కే సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉండి, అది సరిగ్గా పనిచేస్తుంటే ఇంతే.

ఇక్కడ టీడీఎస్ మీటర్‌ను నమ్ముకోవద్దు. అది కరిగిన లవణాలన్నింటినీ కలిపి చూపిస్తుంది. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం ఇస్తుంది కనుక, నీళ్లు మెత్తబడినా మీటర్ అంకె పెద్దగా తగ్గదు. కాఠిన్యం చూసే స్ట్రిప్పులో, చుక్కల కిట్టో కావాలి.

వంటింటి ఉప్పు పోస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. మెత్తటి ఉప్పు ముద్దకట్టి దారి మూసేస్తుంది, అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు సాఫ్ట్‌నర్‌కు పడవు. డిష్‌వాషర్ ఉప్పు పలుకులుగా, శుద్ధంగా ఉంటుంది. మొదటిసారి మాత్రం ఆ అరలో ముందు నీళ్లు నింపి, తర్వాత ఉప్పు పోయాలి. పోసిన వెంటనే ఒక వాష్ వేయాలి, లేకపోతే ఒలికిన ఉప్పునీళ్లకు స్టీలు తుప్పు పడుతుంది. పొరపాటున ఆ అరలో డిటర్జెంట్ పోశారో, సాఫ్ట్‌నర్ పాడైనట్టే.

రిన్స్ ఎయిడ్ కథ వేరు. ఇది చివరి జాలింపులో కొద్దికొద్దిగా విడుదలవుతుంది. నీళ్లు బొట్లుగా నిలవకుండా పల్చగా పరుచుకుని జారిపోయేలా చేస్తుంది. బొట్టు నిలిచి ఆరితేనే గదా మచ్చ! అందుకే నీళ్లు ఎంత మెత్తనివైనా గాజు, స్టీలు గిన్నెలు మెరుస్తూ ఆరాలంటే ఇది పనికొస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలు వేడిని నిలుపుకోవు కాబట్టి ఎంత పోసినా తడిగానే వస్తాయి. వాటికోసం మోతాదు పెంచడం వృథా. ఆ డబ్బాల సంగతి పక్కనపెడితే, గిన్నెలు శుభ్రంగా, పొడిగా వస్తుంటే రిన్స్ ఎయిడ్ లేకపోయినా మెషిన్‌కు నష్టం లేదు.

ఏది లోపించిందో గ్లాసే చెబుతుంది. విడివిడిగా బొట్ల మచ్చలుంటే రిన్స్ ఎయిడ్ పెంచాలి. నీలంగా, జిగటగా చారలు కనబడితే ఎక్కువైంది, తగ్గించాలి. గ్లాసంతా తెల్లటి పొర పట్టి నిమ్మరసంతో రుద్దితే పోతే, అది గార; ఉప్పూ సెట్టింగూ చూసుకోవాలి. తెల్లటి పొర నాలుకకు ఉప్పగా తగిలితే ఉప్పు అర మూత వదులుగా ఉంది. నిమ్మరసానికీ లొంగకపోతే గాజు అరిగిపోయింది. అతి మెత్తటి వేడినీళ్లు, ఎక్కువ డిటర్జెంట్ కలిసి చేసే పని అది, మళ్లీ బాగుకాదు. అక్కడ ఉప్పు పెంచితే ఇంకా చెడుతుంది. కాఠిన్యం సెట్టింగ్, వేడి, డిటర్జెంట్ తగ్గించడమే దారి.