మూడు చుక్కలు దొరికితే చాలు, కానీ…

తవ్వకాల్లో నిండు కుండ దొరకడం అరుదు. దొరికేవి ఎక్కువగా పెంకులే. వాటిలో మూతి అంచున్న పెంకుకు విలువ ఎక్కువ, ఎందుకంటే ఆ చిన్న వంపును బట్టి కుండ మూతి ఎంత వెడల్పుగా ఉండేదో చెప్పవచ్చు. వృత్తంలో ఒక ముక్క ఇస్తే మొత్తం వృత్తాన్ని పూర్తిచేసే పద్ధతి యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మూడో పుస్తకంలో 25వ ప్రతిపాదనగా ఉంది. నాలుగో పుస్తకంలోని ఐదోది త్రిభుజం మూడు శీర్షాల మీదుగా వృత్తం గీయమంటుంది. రెండింటి వెనకా ఉన్నది ఒకటే సంగతి: ఒకే గీత మీద లేని మూడు బిందువుల గుండా ఒక్క వృత్తమే పోతుంది.

బడిలో దీన్ని కంపాస్‌తో చేయించారు. రెండు జ్యాలకు లంబ సమద్విఖండన రేఖలు గీస్తే అవి కలిసిన చోటే కేంద్రం. లెక్కతో చేస్తే ఇదే పని ఎలా ఉంటుందో చూద్దాం. పెంకు అంచు రెండు కొసల మధ్య తిన్నగా కొలిస్తే 8 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. సరిగ్గా నడుమ అంచు ఆ గీత కంటే 2 సెంటీమీటర్లు పైకి ఉబ్బింది. ఒక కొసను మూలబిందువుగా తీసుకుంటే మన మూడు బిందువులు (0, 0), (8, 0), (4, 2). కేంద్రం (a, b), వ్యాసార్ధం r అనుకుంటే, మూడు బిందువులకూ మూడు సమీకరణాలు వస్తాయి:

a² + b² = r²
(8 − a)² + b² = r²
(4 − a)² + (2 − b)² = r²

వర్గాలున్నాయని జంకనక్కర్లేదు. రెండో దాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తే a², b², r² అన్నీ ఎగిరిపోయి 64 − 16a = 0 మిగులుతుంది. అంటే a = 4. మూడో దాంట్లోంచి మొదటిది తీసేస్తే 20 − 8a − 4b = 0, అందులోంచి b = −3. ఇక r² = 16 + 9, కాబట్టి వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. కుండ మూతి అడ్డంగా 10 సెంటీమీటర్లు. ఇంతకూ తీసివేతలో మిగిలిన ఆ రెండు సరళ సమీకరణాలు ఏమిటి? కంపాస్‌తో గీసిన లంబ సమద్విఖండన రేఖలే.

ఇప్పుడు నడిమి బిందువును (4, 2) నుంచి (4, 0)కి దించండి. మూడూ ఒకే గీత మీద పడ్డాయి. మొదటి తీసివేత a = 4 అంటుంది, రెండోది a = 2 అంటుంది. రెండు లంబ రేఖలూ సమాంతరం, ఎక్కడా కలవవు, కనుక వృత్తమే లేదు. సాధారణ సూత్రంలో కేంద్రం కనుక్కోవడానికి భాగించే సంఖ్య త్రిభుజ వైశాల్యానికి నాలుగు రెట్లు. బిందువులు సరేఖీయమైతే వైశాల్యం సున్నా, భాగహారం అక్కడే ఆగిపోతుంది. మూడు బిందువుల్లో రెండు పొరపాటున ఒకటే అయినా భాజకం సున్నాయే. కానీ అప్పుడు చిక్కు తిరగబడుతుంది: రెండు బిందువుల గుండా లెక్కలేనన్ని వృత్తాలు పోతాయి.

సున్నా వస్తే పట్టుకోవడం తేలికే. అసలు ప్రమాదం దాదాపు సున్నా దగ్గర ఉంది. పెద్ద గాబు అంచు ముక్క దొరికిందనుకోండి. కొసల మధ్య అదే 8 సెంటీమీటర్లు, ఉబ్బు మాత్రం 2 మిల్లీమీటర్లే. లెక్క ప్రకారం వ్యాసార్ధం 40 సెంటీమీటర్లు. ఉబ్బును ఒక్క మిల్లీమీటరు తక్కువగా చదివితే అది 80కి ఎగబాకుతుంది. ఒక మిల్లీమీటరు ఎక్కువగా చదివితే 27కి పడిపోతుంది. సూత్రం తప్పలేదు, యంత్రం మొరాయించలేదు, జవాబు మాత్రం పనికిరాదు. మొదటి పెంకు మీద అదే మిల్లీమీటరు తప్పు చేసి 1.9 అని రాసినా వ్యాసార్ధం 5.16 దగ్గరే ఉండేది.

అందుకే ప్రోగ్రాము రాసేవాళ్లు ‘భాజకం సున్నాయా?’ అని మాత్రమే అడిగితే సరిపోదు. త్రిభుజంలో అతి పొడవైన భుజం మీదికి ఎత్తు ఎంతో చూడాలి. ఆ ఎత్తు మన కొలత తప్పుకు దరిదాపుల్లో ఉంటే ‘ఈ ముక్కతో చెప్పలేం’ అని జవాబివ్వడమే నిజాయితీ.

రెండు వృత్తాలు ఎక్కడ ఖండించుకుంటాయన్నది ఇంకో లెక్క. యూక్లిడ్ మొట్టమొదటి ప్రతిపాదనే, సమబాహు త్రిభుజం గీయడం, రెండు వృత్తాలు కలిసే బిందువు మీద ఆధారపడింది. అవి నిజంగా కలుస్తాయని ఆయన నిరూపించలేదని తరవాతి గణితజ్ఞులు వేలెత్తి చూపారు. ఆ సందర్భంలో ఎలాగూ కలుస్తాయి. అన్ని చోట్లా ఆ భాగ్యం ఉండదు.

స్థలంలో ఒక బోరు ఎక్కడుందో ప్లానులో గుర్తించాలి. ఇంటి గోడ రెండు మూలల మధ్య దూరం 14 మీటర్లు. టేపు పట్టి చూస్తే బోరు మొదటి మూలకు 13 మీటర్లు, రెండో మూలకు 15 మీటర్లు. బోరు ఒక్కో మూల చుట్టూ గీసిన ఒక్కో వృత్తం మీద ఉంది. మళ్లీ అదే ఎత్తుగడ: x² + y² = 169 లోంచి (x − 14)² + y² = 225 ను తీసేస్తే 28x − 196 = −56, అంటే x = 5. ఈ నిలువు గీతనే ఇంటర్ పుస్తకాల్లో మూలాక్షం అంటారు. దాని మీద y² = 169 − 25 = 144, కాబట్టి y పన్నెండు కావచ్చు, మైనస్ పన్నెండూ కావచ్చు. గోడకు ఇటా, అటా అన్నది టేపు చెప్పదు. ఎటువైపో నోట్‌బుక్కులో రాసుకోకపోతే ఆఫీసుకు వచ్చాక ఏ సూత్రమూ ఆదుకోదు.

మూలల మధ్య దూరం d, వ్యాసార్ధాలు r, s అయితే, మొదటి మూల నుంచి గోడ వెంట కొలిచే దూరం, గోడ నుంచి బయటికి కొలిచే దూరం ఇవి:

x = (d² + r² − s²) / 2d
y² = r² − x²

ఈసారి భాజకం 2d. కేంద్రాలు రెండూ ఒకటే అయితే అది సున్నా. ఏకకేంద్ర వృత్తాల సమీకరణాలను తీసేస్తే వర్గాలతో పాటు x, y కూడా మాయమై 0 = r² − s² మాత్రమే మిగులుతుంది. వ్యాసార్ధాలు వేరైతే అది అబద్ధం, ఖండన బిందువులు లేవు. సమానమైతే ఎప్పుడూ నిజమే, ఎందుకంటే ఉన్నది ఒకే వృత్తం, దాని మీది ప్రతి బిందువూ జవాబే. ఈ రెండింటికీ ప్రోగ్రాము ఒకే ఖాళీ జాబితా తిరిగిస్తే అది పిలిచినవాణ్ణి తప్పుదోవ పట్టించడమే. మొదటిది ‘లేదు’, రెండోది ‘అన్నీ’.

కేంద్రాలు వేరైనా వృత్తాలు కలవకపోవచ్చు. ఒకదానికొకటి అందనంత దూరంగా ఉండొచ్చు, లేదా ఒకటి రెండోదాని కడుపులో ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ y² రుణాత్మకం అవుతుంది. అంచులు తాకీ తాకనట్టున్నప్పుడు మాత్రం కంప్యూటరు దశాంశాల సవరింపు వల్ల సున్నా కావాల్సిన y² కాస్త కిందికి జారి, వర్గమూలం దగ్గర లెక్క చెడిపోతుంది. ఆ రుణం మన కొలత తప్పు ఇచ్చే సందులో ఉంటే సున్నాగా తీసుకోవాలి, దాటితే ‘కలవవు’ అనాలి.

తాకే చోట ఇంకో బెడద ఉంది, అది కాగితం మీద చేసినా తప్పదు. మూలల మధ్య 20 మీటర్లు, బోరు సరిగ్గా నడుమ గోడ వెంటే ఉంది, రెండు వైపులా 10 మీటర్లు. టేపు కొద్దిగా వదులై రెండు కొలతలూ 10.01 అని వచ్చాయనుకోండి. అప్పుడు y² = 100.2001 − 100, y దాదాపు 0.45 మీటర్లు. సెంటీమీటరు తప్పుకు బోరు 45 సెంటీమీటర్లు పక్కకు జరిగింది. మొదటి ఉదాహరణలో వృత్తాలు ఒకదాన్నొకటి ఏటవాలుగా బాగా కోసుకున్నాయి, అక్కడ సెంటీమీటరు తప్పు దాదాపు సెంటీమీటరు దగ్గరే ఆగుతుంది. కొలిచే బిందువు రెండు మూలలను కలిపే గీత మీద గానీ దానికి మరీ దగ్గరగా గానీ ఉంటే, టేపు పట్టుకెళ్లి కాస్త పక్కనున్న మూడో మూల నుంచి కొలవడం మేలు. గోడకు ఇటా అటా అన్న సందేహం కూడా ఆ కొలతతోనే తీరుతుంది, ఆ మూడో మూల కూడా అదే గోడ వరసలో లేకపోతే.