ఏఎంసీ ధర తేల్చేది ఇంటి నీళ్లే

హైదరాబాద్‌లో ఆర్‌వో ప్యూరిఫయర్లు బాగుచేసే ఒక చిన్న దుకాణం, విడిభాగాలతో సహా ఏడాది నిర్వహణ ఒప్పందానికి అందరికీ ఒకే ధర, 3,000 రూపాయలు పెట్టిందనుకుందాం. అది గిడుతుందా?

ముందుగా మున్సిపల్ నల్లా ఉన్న ఇల్లు. సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు రెండుసార్లు మారిస్తే 600. మెంబ్రేన్ ఖరీదు 1,800, రెండేళ్లు వస్తుంది కాబట్టి ఏడాదికి 900. పంపు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు, కానీ వంద ఇళ్లలో పదింట పోతుందని పాత బిల్లులు చెబితే, 1,500 పంపుకు ఇంటికి 150 చొప్పున పక్కన పెట్టాలి. అడాప్టర్, వాల్వులకు ఇలాగే మరో 150. మెకానిక్ నాలుగుసార్లు వెళ్తే, పెట్రోలు, కూలి కలిపి 800. మొత్తం 2,600.

బోరు నీళ్ల ఇంట్లో లెక్క తిరగబడుతుంది. లవణాలు పేరుకుని మెంబ్రేన్ ఏడాదికే పోతుంది. ఫిల్టర్లు మూడుసార్లు, రాకపోకలు ఐదు. ఖర్చు 4,000. పైగా ఒకే ధర పెడితే ముందు చేరేది తరచూ రిపేర్లు వచ్చే ఈ ఇళ్లే. అసలు నష్టం అక్కడే.

అందుకే ధర చెప్పేముందు టీడీఎస్ మీటరు ముంచాలి. లోపలికి 900, బయటికి 90 ఉంటే మెంబ్రేన్ బాగున్నట్టే. బయటికి 300 వస్తుంటే అది అరిగిపోయింది. దాని ఖర్చును ఒప్పందంలో కలపకుండా, మొదటి రోజే విడిగా తీసుకోవడం న్యాయం.