గడువు అడిగే ఉత్తరానికి తేదీయే ప్రాణం

వానాకాలం ముదిరేసరికి మన ఇంజనీరింగ్ కాలేజీల్లో అసైన్‌మెంట్ల గడువులూ డెంగీ జ్వరాలూ ఒకేసారి వచ్చిపడతాయి. హాస్టల్లో జ్వరపడి ఇంటికెళ్లిన విద్యార్థులు లెక్చరర్లకు పంపే మెసేజ్ చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది: "సార్, హెల్త్ బాగాలేదు, కొంచెం టైమ్ ఇవ్వండి."

ఆ "కొంచెం" దగ్గరే చిక్కంతా ఉంది. రెండు రోజులా, రెండు వారాలా? పని ఎంతవరకు అయిందో, ఇంకా ఎంత మిగిలిందో లెక్చరర్‌కు తెలియదు. పైగా ఆయన చేతిలో ఉన్న వ్యవధికీ ఒక హద్దుంది. ఇంటర్నల్ మార్కులు ఫలానా తేదీలోగా ఎగ్జామ్ బ్రాంచికి చేరాలి. అది దాటితే ఎంత దయ ఉన్నా ఆయన చేయగలిగింది తక్కువ. కాబట్టి ఆయన చదివి "సరే" అని ఒక్క ముక్కలో జవాబివ్వగలిగేలా ఉత్తరం ఉండాలి. అందుకు ఆధారం విద్యార్థి ప్రతిపాదించే తేదీ.

ఆ తేదీని ఊహించి రాయకూడదు, లెక్క వేసుకోవాలి. మూడో సంవత్సరం చదివే ఒకమ్మాయి డేటాబేస్ మినీ ప్రాజెక్టు రిపోర్టు సెప్టెంబరు 12న ఇవ్వాలనుకుందాం. 4న జ్వరం మొదలై, ఆసుపత్రిలో చేరి, 9న డిశ్చార్జి అయింది. టేబుళ్ల డిజైను, క్వెరీలు జ్వరానికి ముందే పూర్తయ్యాయి. టెస్టింగ్, రిపోర్టు రాయడం మిగిలాయి. అది సుమారు పన్నెండు గంటల పని. ఒంట్లో బాగున్నప్పుడైతే రోజుకు మూడు గంటల చొప్పున నాలుగు రోజులు చాలు. కానీ డెంగీలో జ్వరం తగ్గినా నీరసం కొన్నాళ్లు వదలదు. రోజుకు గంటన్నర మాత్రమే కూర్చోగలనని ఒప్పుకుంటే ఎనిమిది రోజులు పడుతుంది. 11న మొదలుపెడితే 18కి పూర్తవుతుంది. ఆసుపత్రికి మళ్లీ చూపించుకోవడానికి వెళ్లే రోజునూ, ఇంకో రోజు వెసులుబాటునూ కలుపుకుని 20 అని అడగాలి. ఆత్రంగా 14 అని రాసి, ఆ రోజున మళ్లీ గడువు అడిగితే రెండో ఉత్తరానికి విలువుండదు.

ఇప్పుడు ఉత్తరం ఇలా రాయొచ్చు. సబ్జెక్టు లైనులో కోర్సు పేరు, రోల్ నంబరు, "మినీ ప్రాజెక్టు గడువు పొడిగింపు కోసం" అన్న మాట ఉంటే చాలు.

"గౌరవనీయులైన మేడమ్ గారికి,
డెంగీ జ్వరంతో ఈ నెల 4 నుంచి 9 వరకు ఆసుపత్రిలో ఉన్నాను. 12న ఇవ్వాల్సిన మినీ ప్రాజెక్టు రిపోర్టును 20వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా ఇవ్వడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను. డిజైను, క్వెరీలు పూర్తయ్యాయి. ఆ ఫైలు జతచేశాను. టెస్టింగ్, రిపోర్టు మిగిలాయి. మార్కుల పనికి 20 ఆలస్యమనుకుంటే, మీరు చెప్పిన తేదీకి ఎంతవరకు అయితే అంతవరకు సమర్పిస్తాను. డిశ్చార్జి సమ్మరీ జతచేశాను.
ఇట్లు, మీ విద్యార్థిని."

ఇందులో ప్లేట్‌లెట్ల లెక్క లేదు, ఎన్ని సెలైన్లు ఎక్కించారో లేదు. ఆ వివరాలకు జతచేసిన కాగితమే సాక్ష్యం. అంతకంటే ఎక్కువ పనిచేసేది సగం అయిన ఫైలు. గడువు ముందురోజు దాకా ఏమీ ముట్టుకోని విద్యార్థికీ, పని మధ్యలో జ్వరపడిన విద్యార్థికీ తేడా దాంతోనే తెలుస్తుంది. మిగతా క్లాసంతా వేళకు ఇచ్చినప్పుడు ఒకరికి ఎందుకు మినహాయింపు ఇచ్చారని ఎవరైనా అడిగితే, లెక్చరర్ చూపించగలిగేదీ అదే.

ఉత్తరం గడువు తేదీకి ముందే చేరాలి. ఆసుపత్రి మంచం మీద ఇంత రాసే ఓపిక ఉండదు కాబట్టి, అప్పుడు "జ్వరంతో అడ్మిట్ అయ్యాను, కోలుకోగానే పూర్తి వివరాలు రాస్తాను" అని ఒక మెసేజ్ చాలు. దాన్ని క్లాసు రిప్రజెంటేటివ్ ద్వారా చెప్పించినా ఫరవాలేదు. తేదీ ప్రతిపాదన మాత్రం విద్యార్థే రాయాలి.

చాలామంది హాజరు సంగతినీ ఇదే ఉత్తరంలో కలిపేస్తారు. అది వేరే దారి. ఉదాహరణకు జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే అనారోగ్యం వంటి కారణాలపై మినహాయింపు కోరవచ్చు. ఆ దరఖాస్తు మెడికల్ సర్టిఫికెట్‌తో హెచ్‌ఓడీ ద్వారా వెళ్లాలి. సబ్జెక్టు లెక్చరర్ అసైన్‌మెంటుకు గడువు ఇచ్చినంత మాత్రాన పోయిన హాజరు తిరిగిరాదు.

రెండు రోజులైనా జవాబు రాకపోతే మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. స్టాఫ్ రూముకు వెళ్లి అడగాలి, లేదా మళ్లీ ఒకసారి గుర్తుచేయాలి. మేడమ్ నోటితో "సరే, 18 లోపు ఇవ్వమ్మా" అంటే, ఆ మాటనే "మీరు చెప్పినట్టు 18లోగా ఇస్తాను" అని అదే రోజు మెయిల్‌లో రాసి పంపాలి. మార్కులు వేసే రోజున ఇద్దరి దగ్గరా ఒకే తేదీ రాతపూర్వకంగా ఉంటుంది.