అక్షరం 7 వేయాలా, వద్దా?

రమ్మీ ఆడినవాళ్ళకు మాజాంగ్ బల్ల మరీ కొత్తగా అనిపించదు. ఇక్కడా చేతిలో ఉండేవి పదమూడే. కాకపోతే పేకముక్కల బదులు బిళ్ళలు. ఒకటి ఎత్తుకోవాలి, ఒకటి కింద వేయాలి. ఒకే రంగులో 2-3-4 లాంటి వరుస గానీ, ఒకేలాంటివి మూడు గానీ కలిస్తే ఒక గుంపు. అలాంటి గుంపులు నాలుగూ, ఒక జతా కుదిరితే చెయ్యి పూర్తి. అక్షరాలు, చుక్కలు, వెదురు అని మూడు రంగులు. ఒక్కో రంగులో 1 నుంచి 9 దాకా అంకెలు. అవి కాక నాలుగు దిక్కులు, మూడు డ్రాగన్లు. ప్రతి బిళ్ళా నాలుగేసి ఉంటుంది కాబట్టి మొత్తం 136.

చైనాలో పుట్టిన ఈ ఆటను జపాన్‌వాళ్ళు తమ పద్ధతిలో మలుచుకున్నారు. దాన్నే రీచి మాజాంగ్ అంటారు. రమ్మీకీ దీనికీ ఉన్న అసలు తేడా డబ్బులు కట్టే దగ్గర బయటపడుతుంది. నలుగురు ఆడుతుంటే, ఎవరు వేసిన బిళ్ళతో అవతలివాళ్ళ చెయ్యి పూర్తవుతుందో ఆ ఒక్కరే మొత్తం కట్టాలి. మిగతా ఇద్దరికీ నష్టం లేదు. రమ్మీలో ముక్కలు బాగాలేకపోతే డ్రాప్ చెప్పి పక్కకు తప్పుకోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. చెయ్యి ఎంత చెడ్డదైనా బిళ్ళలు అయిపోయేదాకా ఒక్కొక్కటీ వేస్తూనే ఉండాలి. అందుకే గెలుపు వదులుకుని, ఎదుటివాళ్ళకు పనికిరాని బిళ్ళే వేస్తూ పోవడం ఈ ఆటలో సగం విద్య.

ఆ విద్యకు ఆధారం ఒక్క నియమం. నా చెయ్యి పూర్తవడానికి కావలసిన బిళ్ళల్లో ఏ ఒక్కటైనా నేను ఇంతకుముందే కింద వేసి ఉంటే, ఇతరులు వేసిన బిళ్ళతో నేను గెలవకూడదు. నాకై నేను ఎత్తుకుంటేనే గెలుపు. దీన్ని ఫురిటెన్ అంటారు. కాబట్టి ఒక మనిషి ముందున్న బిళ్ళలన్నీ ఆ మనిషి విషయంలో నూటికి నూరుపాళ్ళూ భద్రం. వేసిన బిళ్ళలను కలిపేయకుండా ఎవరివి వాళ్ళ ముందే, వేసిన క్రమంలో, వరుసకు ఆరు చొప్పున పేర్చడానికి కారణం ఇదే. చదవడం వచ్చినవాళ్ళకు అది తెరిచిన పుస్తకం.

ఒక సందర్భం చూద్దాం. ఆటంతటికీ మన దగ్గర మొదట ఉండేవి 25,000 పాయింట్లు. ఎదురుగా ఉన్నావిడ ఈ రౌండుకు డీలర్, అంటే గెలిస్తే ఆమెకు ఒకటిన్నర రెట్లు. ఏడో వంతులో ఆమె రీచి అంది. ఇంకొక్క బిళ్ళ వస్తే నా చెయ్యి పూర్తి అని అందరికీ చాటుతూ 1,000 పాయింట్ల పుల్ల బల్లమీద పెట్టింది. ఇక ఆమె చెయ్యి మార్చుకోలేదు. ఆమె వేసినవి వరుసగా ఇవి: ఉత్తరం, చుక్క 9, పశ్చిమం, వెదురు 1, అక్షరం 8, చుక్క 5, వెదురు 2.

మన చేతిలో అక్షరం 2-3-4, వెదురు 6-7-8, ఉత్తరాల జత, చుక్క 4, 6, వెదురు 2, 4, ఒంటరిగా అక్షరం 7 ఉన్నాయి. ఇప్పుడు ఎత్తుకున్నది వెదురు 3. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. వెదురు 2-3-4 కుదిరింది, అక్షరం 7 పడేస్తే మనమూ ఒక్క బిళ్ళ దూరంలో ఉంటాం. కావలసిందల్లా చుక్క 5. చేతులు వాటంతటవే అక్షరం 7 మీదికి పోతాయి. అక్కడే ఆగి లెక్క వేయాలి.

మొదట ఆ బిళ్ళ ఎంత ప్రమాదమో చూద్దాం. గెలుపు కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కువగా కోరుకునేది రెండువైపులా తెరిచి ఉన్న జోడీ. ఉదాహరణకు 5-6 చేతిలో ఉంటే 4 వచ్చినా సరే, 7 వచ్చినా సరే. ఇలాంటి ఎదురుచూపులు ఒక్కో రంగులో ఆరు: 1-4, 2-5, 3-6, 4-7, 5-8, 6-9. మూడు రంగుల్లో కలిపి 18. ఆమె వేసిన ప్రతి అంకె వీటిలో కొన్నిటిని కొట్టేస్తుంది. చుక్క 5 ఒక్కటే రెండింటిని కొట్టేసింది: చుక్కల్లో 2-5, 5-8. చుక్క 9, వెదురు 1, అక్షరం 8, వెదురు 2 తలా ఒకటి. మొత్తం ఆరు పోయి పన్నెండు మిగిలాయి. వాటిలో అక్షరాల 4-7 ఇంకా బతికే ఉంది. అంటే అక్షరం 7 వేస్తే సుమారు పన్నెండింట ఒక వంతు ప్రమాదం. ఈ జతల లెక్కను జపాన్‌లో సుజి అంటారు.

అయితే ఈ లెక్క తెరిచి ఉన్న జోడీలకే పనికొస్తుంది. ఎదుటివాళ్ళ చేతిలో 1-3-5 ఉండి, అందులో 5 పడేసి 2 కోసం కాచుకుని ఉండొచ్చు. సుజి చూసి 2 భద్రమనుకున్నవాళ్ళు నేరుగా ఆ వలలో పడతారు. రీచి అంటూ వేసిన బిళ్ళే 5 అయితే ఆ అనుమానం ఇంకా పెరగాలి.

పన్నెండింట ఒకటి పెద్ద ప్రమాదమేమీ కాదుగా అనిపిస్తుంది. నిజమే, ఆ ఒక్క బిళ్ళకైతే. కానీ ఈ ఆటలో చెయ్యి పూర్తయితే చాలదు, నిర్ణీత లక్షణాల్లో కనీసం ఒక్కటైనా ఉండాలి. మన చేతికి అలాంటిది లేదు కాబట్టి ఆమె వేసిన బిళ్ళతో గెలవాలంటే మనమూ రీచి అనక తప్పదు. అన్నాక చెయ్యి మార్చలేం. ఎత్తుకున్న ప్రతి బిళ్ళనూ, అది గెలిపించేది కాకపోతే, ఎంత భయంకరమైనదైనా కింద వేయాల్సిందే. పైగా పన్నెండు అలాగే ఉండదు. ఆట సాగేకొద్దీ అది ఎనిమిదవుతుంది, ఆరవుతుంది. మిగిలిన ఒక్కో జతా అంతకంతకూ ప్రమాదం.

ఇంత తెగించి మనం ఆశించేదేమిటి? ఉన్న చుక్క 5లు నాలుగు. ఒకటి ఆమె ముందే ఉంది. ఇంకొకటి పక్కవాళ్ళు వేశారనుకుందాం. మిగిలినవి మహా అయితే రెండు. అవీ ఎవరి చేతిలోనైనా ఇరుక్కుని ఉండొచ్చు. ఒకవేళ ఇంకొకరు వేసి గెలిచినా మనకొచ్చేది 1,300, ఆమె పెట్టిన పుల్ల. డీలర్ చేతికి చిక్కితే 7,700 గానీ 12,000 గానీ పోవడం మామూలే. ఇది వదులుకోవలసిన చెయ్యి.

అదే చుక్క 4, 6 బదులు 4, 5 ఉండుంటే నేను అక్షరం 7 వేసేవాణ్ణి. అప్పుడు 3 గానీ 6 గానీ చాలు, మొత్తం ఎనిమిది బిళ్ళలు. బల్లమీద రెండు కనిపిస్తున్నా ఆరు మిగులుతాయి. రెండువైపులా తెరిచిన చేతికి పాయింట్లూ పెరుగుతాయి. ప్రమాదం అంతే, దానికి దక్కే ప్రతిఫలం మారింది. తెగించాలా ఆగాలా అన్నది ఎదుటివాళ్ళ రీచి ఒక్కటే చెప్పదు. మన చేతి విలువా చూడాలి.

ఇప్పుడు వదులుకోవడం ఎలా? చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కుదిరిన గుంపులను విరవడానికి మనసొప్పక, అడ్డంగా ఉన్న ఒంటరి బిళ్ళలను ఒక్కొక్కటీ వేస్తూ సగం పోరాడుతుంటారు. వదులుకున్నాక చెయ్యి అందంతో పనిలేదు. మన దగ్గర ఉత్తరాలు రెండున్నాయి, ఆమె ఉత్తరం వేసింది. వెదురు 2 కూడా వేసింది. అంటే మూడు వంతులు నిశ్చింత. ఈలోగా పక్కవాళ్ళిద్దరూ బిళ్ళలు వేస్తూనే ఉంటారు. రీచి అన్నావిడ తనకు కావలసిన బిళ్ళను ఒక్కసారి వదిలేస్తే, ఆ రౌండంతా ఇతరుల బిళ్ళతో గెలిచే హక్కు పోతుంది. అందుకని రీచి తర్వాత ఎవరు ఏది వేసినా, ఆమె పలకకపోతే, అదీ మనకు భద్రమైన బిళ్ళల్లో చేరుతుంది. మూడో వంతు ముగిసేసరికి మన చేతిలో వేయదగ్గవి ఇంకో రెండు మూడైనా తేలతాయి.

ఆమె తనకై తాను బిళ్ళ ఎత్తుకుని గెలిస్తే మన వాటా కట్టక తప్పదు. దానికి అడ్డుకట్ట లేదు. గోడలో బిళ్ళలు అయిపోయి ఎవరూ గెలవకుండా రౌండు ముగిసి, ఆమె ఒక్కతే సిద్ధంగా ఉంటే, మిగతా ఇద్దరితో పాటు మనం కట్టేది 1,000. అక్షరం 7 మాత్రం చివరిదాకా చేతిలోనే ఉంటుంది.