రెండున్నర శాతం తేడా నిజమేనా?

చీరలమ్మే వెబ్‌సైటు పాత డిజైన్‌ను వెయ్యిమందికి చూపిస్తే 100 మంది కొన్నారనుకుందాం. కొత్తదాన్ని మరో వెయ్యిమందికి చూపిస్తే 125 మంది కొన్నారు. కొత్తదే గెలిచిందనిపిస్తుంది. తొందరపడకూడదు.

ముందు రెండు డిజైన్లకూ తేడా లేదనే అనుకోవాలి. అలా అనుకున్నాక వేర్వేరు రేట్లు ఎందుకు? అందరినీ కలిపేస్తే 2000 మందిలో 225 మంది, అంటే 11.25 శాతం. తేడా లేకపోయినా కాకతాళీయంగా రేట్లు ఎంత అటూఇటూ అవుతాయో ఈ ఉమ్మడి రేటే చెబుతుంది:

√(0.1125 × 0.8875 × (1/1000 + 1/1000)) ≈ 0.0141

కనిపించిన తేడా 0.025ను దీంతో భాగిస్తే జెడ్ విలువ సుమారు 1.77. అయిదు శాతం స్థాయిలో దాటాల్సిన గీత 1.96. దాటలేదు. కొత్త డిజైన్ పనికిరాదని కాదు, ఇంతమందితో తేలలేదని అర్థం. రోజూ లెక్క చూస్తూ గీత దాటగానే ఆపేస్తే ఫలితం చెల్లదు. ఎంతమందికి చూపాలో ముందే నిర్ణయించుకోవాలి.